ఆడవాళ్ల షూ సైజు: పాదం పొడవు నుంచి యూఎస్, యూరోపియన్ నంబర్లు తేల్చుకోవడం ఎలా?

ఒకే జత షూ నాలుక వెనకాల ఉన్న చీటీ మీద యూఎస్ 7.5 అని, యూరోపియన్ 38.5 అని, పక్కనే 24.5 సెంటీమీటర్లు అని ఉంటుంది. ఇంకో తయారీదారు చీటీలో అదే 7.5కి ఎదురుగా 38 కనిపిస్తుంది. వాళ్లలో ఎవరో ఒకరు తప్పు వేశారనుకోనక్కర్లేదు. ఆ నంబర్లు ఒకే వస్తువును కొలవవు. పైగా అవి పెరిగే మెట్లు కూడా వేరు. ఈ సంగతి తెలిస్తే ఏ పట్టికనైనా మీరే సరిచూసుకోవచ్చు.

సెంటీమీటర్లలో చెప్పే సైజు మామూలుగా మీ పాదం పొడవు, అంటే మడమ వెనక అంచు నుంచి అన్నిటికంటే ముందుకు వచ్చిన వేలి కొస దాకా. యూఎస్, యూరోపియన్ నంబర్లు మాత్రం పాదానికి కాదు, షూ కుట్టే అచ్చుకు పెట్టినవి. షూ తయారీలో ఈ అచ్చును లాస్ట్ అంటారు. అచ్చు ఎప్పుడూ పాదం కంటే పొడవుగానే ఉంటుంది, ఎందుకంటే నడిచేటప్పుడు వేళ్లు ముందుకు జరగడానికి చోటు కావాలి. ఆ అదనపు పొడవు సుమారుగా ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు. మార్పిడిలో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి: ఒకరు అదనాన్ని కలిపి లెక్కేస్తారు, ఇంకొకరు కలపరు, మరొకరు ఎంత కలిపారో చెప్పరు.

అందుకే ఒక నియమం పెట్టుకోండి. యూఎస్ నుంచి యూరోపియన్‌కి, అక్కణ్నుంచి ఇంకో బ్రాండు యూఎస్‌కి గొలుసుగా మార్చుకుంటూ పోవద్దు. ప్రతిసారీ పాదం పొడవు దగ్గరే మొదలుపెట్టండి.

ముందు పాదం కొలవండి

సగం సైజు యూఎస్ లెక్కలో 4.2 మిల్లీమీటర్లే. కొలతలో అరసెంటీమీటరు పొరపాటు వస్తే సగం సైజు కంటే ఎక్కువే పోయినట్టు. కాబట్టి ఈ పని మీద పది నిమిషాలు పెట్టడం దండగ కాదు.

1. సాయంత్రం పూట కొలవండి. రోజంతా నిలబడి తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది. ఏ షూ కోసం కొలుస్తున్నారో దాంతో వేసుకునే మేజోళ్లు తొడుక్కోండి. మేజోళ్లు లేకుండా వేసుకునే షూ అయితే వట్టి కాలితోనే కొలవాలి.

2. గట్టి నేల మీద కాగితం పరచి, దాని అంచు గోడకు ఆనేలా టేపుతో అతికించండి. తివాచీ మీద కొలిస్తే మడమ లోపలికి దిగి కొలత తప్పుతుంది. గోడ అడుగున పట్టీ ముందుకు పొడుచుకు వచ్చి ఉంటే మడమను ఆ పట్టీకే ఆనించండి, కాగితం అంచు కూడా అక్కడే ఉండాలి.

3. రెండు కాళ్ల మీదా బరువు సమానంగా వేసి నిలబడండి. కూర్చుని కొలిస్తే పాదం కొన్ని మిల్లీమీటర్లు పొట్టిగా వస్తుంది, ఎందుకంటే బరువు పడినప్పుడే పాదం వంపు కిందికి దిగి పాదం సాగుతుంది. మడమ గోడకు తగలాలి, కానీ గోడను నొక్కకూడదు.

4. పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీయడం కంటే ఒక మందపాటి పుస్తకం తీసుకుని దాని వెన్నును నేలకు నిలువుగా పెట్టి, వేళ్లకు మెల్లగా తగిలే దాకా జరపండి. పుస్తకం అడుగంచు దగ్గర కాగితం మీద గుర్తు పెట్టండి. పెన్సిలుతో గీస్తే అది లోపలికి వాలితే కొలత తగ్గుతుంది, బయటికి వాలితే పెరుగుతుంది. మీరే వంగి గీస్తుంటే బరువు ముందుకు పడి పాదం కదులుతుంది కూడా. ఇంకొకరు గుర్తు పెట్టడం ఉత్తమం.

5. కాగితం అంచు నుంచి గుర్తు దాకా కొలవండి. చాలా స్కేళ్లలో సున్నా గీత అంచు మీద ఉండదు, కొద్దిగా లోపలికి ఉంటుంది. సున్నా గీత నుంచే లెక్కపెట్టండి. ప్రింటు తీసిన స్కేలు వాడుతుంటే, ముందు దాంతో ఎ4 కాగితం పొడుగు వైపు కొలిచి చూడండి. 29.7 సెంటీమీటర్లు రాకపోతే ప్రింటరు దాన్ని కుదించింది లేదా సాగదీసింది.

6. రెండు పాదాలూ కొలవండి, ఒక్కోటి మూడుసార్లు. మూడు అంకెల్లో రెండు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే మీరు నిలబడిన తీరు మారుతోందని అర్థం, మళ్లీ మొదలుపెట్టండి. చివరికి పెద్ద పాదం కొలతే తీసుకోవాలి. రెండు పాదాల సగటు తీయకండి. సగటుకు సరిపోయే షూ ఒక కాలిని నొక్కుతుంది.

కొందరికి బొటనవేలు కంటే దాని పక్క వేలు పొడుగ్గా ఉంటుంది. అప్పుడు ఆ వేలి కొసే లెక్క. పుస్తకంతో కొలిస్తే ఈ సంగతి దానంతటదే సర్దుకుంటుంది, గీత గీసేవాళ్లు మాత్రం అలవాటుగా బొటనవేలి దగ్గర ఆగిపోతుంటారు.

పాదం నుంచి యూఎస్ నంబరు

యూఎస్ నంబరు ఒకటి పెరిగితే అంగుళంలో మూడో వంతు పెరిగినట్టు, అంటే 8.47 మిల్లీమీటర్లు. సగం సైజుకు అందులో సగం. అమెరికా షూ దుకాణాల్లో పాదం కింద పెట్టే లోహపు కొలపీటను బ్రానాక్ డివైస్ అంటారు. అది నేరుగా పాదాన్నే కొలుస్తుంది, కాబట్టి అదనపు పొడవు సంగతి మనం పట్టించుకోనక్కర్లేదు. దాని మీద ఆడవాళ్ల స్కేలు ఈ లెక్కకు సరిపోతుంది:

```
యూఎస్ = (పాదం సెం.మీ. × 1.181) − 21
```

1.181 ఎక్కణ్నుంచి వచ్చిందంటే, 3ను 2.54తో భాగిస్తే వచ్చేది అదే. సెంటీమీటర్లను అంగుళాలు చేసి, అంగుళానికి మూడు సైజులు లెక్కేయడాన్ని ఒకే గుణకారంలో పెట్టామన్నమాట. పాదం 24 సెంటీమీటర్లయితే 28.34 వస్తుంది, 21 తీసేస్తే 7.3. దాన్ని సగం సైజుకు సర్దితే 7.5.

వెనక్కి రావాలంటే యూఎస్ నంబరుకు 21 కలిపి 0.847తో గుణించండి. 7.5కి 24.1 సెంటీమీటర్లు వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. అమెరికాలో మగవాళ్ల నంబరు, ఆడవాళ్ల నంబరు వేరు. అదే పొడవుకు ఆడవాళ్ల నంబరు ఒకటి గానీ ఒకటిన్నర గానీ ఎక్కువగా ఉంటుంది. "ఒకటి గానీ ఒకటిన్నర గానీ" అన్నది పొరపాటున రాసింది కాదు, రెండు వాడుకలూ నిజంగా ఉన్నాయి. అచ్చు పొడవును అంగుళాల్లో తీసుకుని మూడుతో గుణించి, కొందరు 22.5 తీసేస్తారు, కొందరు 23 తీసేస్తారు. దానివల్ల ఒకే అచ్చుకు సగం సైజు తేడా పుడుతుంది. పట్టికలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి ఇది పెద్ద కారణం. ఇద్దరూ వేసుకోగల షూ మీద మగవాళ్ల నంబరొక్కటే ఉంటే, దాన్ని ఆడవాళ్ల నంబరనుకుని కొన్నవారికి షూ ఒక సైజు పైనే పెద్దదవుతుంది. చీటీలో సెంటీమీటర్లు రాసి ఉంటే ఆ అంకెనే నమ్మండి. బ్రిటిష్ నంబరుతో కూడా ఇలాంటి గందరగోళమే. అక్కడి 5 సుమారుగా ఆడవాళ్ల యూఎస్ 7కి సమానం. నంబరు పక్కన ఏ దేశపు లెక్కో రాయకపోతే అడిగి తెలుసుకోవాల్సిందే.

పాదం నుంచి యూరోపియన్ నంబరు

యూరోపియన్ మెట్టును పారిస్ పాయింట్ అంటారు. ఒక్కో పాయింటు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే 6.67 మిల్లీమీటర్లు. నంబరంటే అచ్చు పొడవులో అలాంటి పాయింట్లు ఎన్ని పడతాయన్నదే. ఆడవాళ్లకు, మగవాళ్లకు స్కేలు ఒకటే కావడం ఇందులో ఉన్న సుఖం. అయితే ఇది అచ్చును కొలుస్తుంది కాబట్టి పాదానికి అదనం మనమే కలపాలి. 1.5 సెంటీమీటర్లు కలిపితే చాలా షూలకు దగ్గరగా వస్తుంది:

```
యూరోపియన్ = (పాదం సెం.మీ. + 1.5) × 1.5
```

వెనక్కి రావడానికి నంబరును 1.5తో భాగించి, వచ్చినదాంట్లోంచి 1.5 తీసేయండి. 38 నంబరుకు అచ్చు 25.3, పాదం 23.8 సెంటీమీటర్లు.

రెండు లెక్కలనూ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది. ఇవి సర్దని అంకెలు, కావాలనే అలా వదిలాం. మీ అంకె రెండు సైజుల మధ్య ఎటువైపు ఒరిగిందో తెలిస్తేనే సరిగ్గా ఎంచుకోగలరు.

| పాదం (సెం.మీ.) | యూఎస్ ఆడవాళ్లు | యూరోపియన్ |
|---|---|---|
| 22.0 | 5.0 | 35.3 |
| 22.5 | 5.6 | 36.0 |
| 23.0 | 6.2 | 36.8 |
| 23.5 | 6.8 | 37.5 |
| 24.0 | 7.3 | 38.3 |
| 24.5 | 7.9 | 39.0 |
| 25.0 | 8.5 | 39.8 |
| 25.5 | 9.1 | 40.5 |
| 26.0 | 9.7 | 41.3 |

రెండు వరుసలూ ఎప్పుడూ గుండు అంకెల దగ్గర కలుసుకోకపోవడం గమనించండి. 8.47 మిల్లీమీటర్ల మెట్టును 6.67 మిల్లీమీటర్ల మెట్టు మీద పరిస్తే అంచులు ఎక్కడో గానీ కలవవు. కొన్ని ఆటల షూల మీద 37⅓, 38⅔ లాంటి వింత నంబర్లు కనిపించేది ఇందుకే. యూఎస్ సగం సైజు 4.23 మిల్లీమీటర్లు, యూరోపియన్ పాయింటులో మూడింట రెండు వంతులు 4.44 మిల్లీమీటర్లు. ఈ రెండూ దాదాపు ఒకటే కాబట్టి ఒక్కో సగం సైజుకు యూరోపియన్ నంబరును మూడింట రెండు వంతులు పెంచుకుంటూ పోతారు. వాటిని 37, 39 అని సర్దేసుకోకుండా, ఉన్నది ఉన్నట్టే తీసుకోండి.

"యూఎస్ నంబరుకు 31 కలిపితే యూరోపియన్ నంబరు" అన్న సూత్రం మీరు వినే ఉంటారు. యూఎస్ ఒకటి పెరిగితే యూరోపియన్ 1.27 పెరుగుతుంది కాబట్టి, ఒకే అంకె కలిపే సూత్రం అన్ని సైజులకూ కుదరడం సాధ్యం కాదు. పై పట్టికలోనే చూడండి. యూఎస్ 5 దగ్గర తేడా 30కి కొంచెం పైన ఉంటే, 7.9 దగ్గర దాదాపు 31 అవుతోంది, 9.7 దగ్గర 31.6 అయింది. నడిమి సైజుల వాళ్లకు సూత్రం పనిచేస్తుంది, చిన్న పాదాల వాళ్లకు మాత్రం పెద్ద షూ తెచ్చిపెడుతుంది.

ఒక పాదంతో మొత్తం లెక్క

ఒకామె ఎడమ పాదం 23.7, కుడి పాదం 24.1 సెంటీమీటర్లు అనుకుందాం. పెద్దది కుడిది కాబట్టి లెక్కంతా 24.1తోనే.

యూఎస్: 24.1ని 1.181తో గుణిస్తే 28.46. అందులోంచి 21 తీసేస్తే 7.46. అంటే 7.5, అనుమానం లేదు.

యూరోపియన్: 24.1కి 1.5 కలిపితే 25.6. దాన్ని 1.5తో గుణిస్తే 38.4. సగం సైజులు దొరికే షూ అయితే 38.5 తీసుకుంటారు. కానీ చాలా షూలు పూర్తి నంబర్లలోనే వస్తాయి. అప్పుడు 38 కావాలా, 39 కావాలా?

కళ్లు మూసుకుని దగ్గరి అంకెకు సర్దకుండా, రెండు అచ్చుల్లోనూ ఎంత ఖాళీ మిగులుతుందో చూడండి. 38ని 1.5తో భాగిస్తే అచ్చు 25.3. కుడి పాదానికి మిగిలేది 1.2 సెంటీమీటర్లు, ఎడమ పాదానికి 1.6. ఇక 39 అయితే అచ్చు 26. కుడి పాదానికి 1.9, ఎడమ పాదానికి 2.3 మిగులుతుంది.

ఇప్పుడు షూ రకం తీర్పు చెబుతుంది. లేసులు గానీ పట్టీ గానీ లేకుండా కాలిని దూర్చేసే పంప్స్, బెల్లీల లాంటివి అయితే 38. వాటిని కాలికి పట్టి ఉంచేది మడమ చుట్టూ ఉన్న బిగువొక్కటే కాబట్టి 2.3 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే ఎడమ కాలు అడుగడుక్కీ జారిపోతుంది. పరుగు షూ అయితే 39. లేసు పాదాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది, దిగుడులో వేళ్లకు ముందు చోటు కావాలి, మేజోళ్లు మందం. ముందు తెరిచి ఉన్న చెప్పులకు 38 చాలు.

మడమ ఎత్తయిన షూలో పాదం ముందుకు జారుతుంది కాబట్టి వేళ్ల దగ్గర ఇరుకనిపిస్తుంది. దానికి మందుగా పెద్ద సైజు కొంటే పాదం ఇంకా ముందుకు జారి మడమ వెనక సందు పడుతుంది. అక్కడ కావలసింది బిగువైన పట్టీ, లేదా ముందు భాగం వెడల్పున్న అచ్చు. ఇక కొస మొన తేలిన షూల సంగతి: ముందుకు సాగిన ఆ ఖాళీ మొనను మామూలుగా సైజు లెక్కలో వేయరు. అడుగును స్కేలుతో కొలిచి "ఇది 40 అయ్యుంటుంది" అనుకుంటే మోసపోతారు.

గొలుసు మార్పిడి ఎలా చెడగొడుతుందో ఈ పాదంతోనే చూడవచ్చు. 22.5 తీసేసే పద్ధతి పట్టికలో ఆమె యూఎస్ 7.5కి 38 కనిపిస్తుంది. ఆ 38ని పట్టుకుని 23 తీసేసే పద్ధతి పట్టికలోకి వెళితే, అక్కడ 38కి ఎదురుగా యూఎస్ 7 ఉంటుంది. రెండు పట్టికలూ వాటి వాటి లెక్క ప్రకారం సరైనవే. అయినా 7.5తో బయల్దేరినామె 7తో తిరిగొచ్చింది.

అమ్మేవాళ్ల పట్టికను పరీక్షించడం

ఆన్‌లైన్లో కొనేటప్పుడు మీ లెక్క కంటే ఆ షూ పేజీలోని పట్టికకే విలువ ఎక్కువ, ఎందుకంటే ఆ అచ్చు గురించి తెలిసింది వాళ్లకే. కానీ నమ్మే ముందు రెండు ప్రశ్నలు వేయండి.

మొదటిది, ఆ సెంటీమీటర్లు దేనివి? 38 నంబరు వరుస చూడండి. అక్కడ 24కి అటూ ఇటూ ఉంటే పాదం పొడవు. 25.3 దగ్గర ఉంటే అచ్చు పొడవు. 24.5కి, 25కి మధ్య ఉంటే అది లోపలి అట్ట, అంటే ఇన్‌సోల్ పొడవు అయ్యే అవకాశం ఎక్కువ. ఇన్‌సోల్ పొడవును పాదం పొడవనుకుని అదే అంకె ఉన్న షూ కొంటే వేళ్లు ముందు గోడకు తగులుతాయి. అలాంటి పట్టికలో మీ పాదానికి సుమారు ఒక సెంటీమీటరు కలిపి వెతకండి.

రెండోది, ఒక యూరోపియన్ నంబరు నుంచి తర్వాతిదానికి ఎంత పెరుగుతోంది? పారిస్ పాయింటు అయితే వరుసగా 0.6, 0.7 సెంటీమీటర్లు పెరగాలి. కొన్ని పట్టికల్లో సరిగ్గా 0.5 పెరుగుతుంది: 36కి 23, 37కి 23.5, 38కి 24, ఇలా. అది చైనాలో వాడుకలో ఉన్న లెక్క. పాదం సెంటీమీటర్లను రెండుతో గుణించి పది తీసేస్తారు. 24 సెంటీమీటర్లకు 48, పది తీసేస్తే 38. అలాంటి షూల చీటీ మీద పాదం పొడవు మిల్లీమీటర్లలో 240 అని కూడా ఉంటుంది.

ఈ రెండు లెక్కలూ 39 దగ్గర, అంటే 24.5 సెంటీమీటర్ల పాదం దగ్గర ఒకటవుతాయి. అందుకే నడిమి సైజుల వాళ్లకు తేడా తెలియదు. అక్కణ్నుంచి అటూ ఇటూ జరిగే కొద్దీ విడిపోతాయి. 22.5 సెంటీమీటర్ల పాదానికి పారిస్ లెక్కలో 36, చైనా లెక్కలో 35. 26 సెంటీమీటర్ల పాదానికి పారిస్ లెక్కలో 41, చైనా లెక్కలో 42. చిన్న పాదాలున్నవాళ్లు "నాకు 36 వదులైంది" అనీ, పెద్ద పాదాలున్నవాళ్లు "నా 41 బిగుతైంది" అనీ అనడం వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. నంబరును వదిలేసి మీ సెంటీమీటర్ల వరుస చూసి ఎంచుకుంటే ఈ బాధ ఉండదు.

జపాన్ సైజులు కూడా పాదం పొడవే, అర సెంటీమీటరు మెట్లతో ఉంటాయి. షూలో ముందుండే అదనం అప్పటికే అందులో ఉంది కాబట్టి, 24.1 పాదానికి "చోటుండాలి కదా" అని 25.5 కొనకూడదు. 24 గానీ 24.5 గానీ తీసుకోవాలి.

పొడవు కుదిరినా పట్టేస్తుంటే

సెంటీమీటర్ల లెక్క పొడవు ఒక్కదాన్నే చూస్తుంది. యూఎస్ షూల్లో ఆడవాళ్ల మామూలు వెడల్పుకు బి అక్షరం, వెడల్పువాటికి డి, సన్నవాటికి 2ఎ వాడతారు. మగవాళ్ల షూల్లో మామూలు వెడల్పే డి కాబట్టి, ఆ అక్షరాన్ని ఏ స్కేలులో చదువుతున్నారో చూసుకోండి. పాదం వెడల్పు కోసం పొడవు పెంచితే షూ వంగే చోటు ముందుకు జరుగుతుంది. పాదం ఒక దగ్గర వంగితే అడుగు ఇంకో దగ్గర వంగుతుంది, మడమ లేస్తుంది, బొబ్బలు వస్తాయి. అదే నంబరులో వెడల్పు రకం దొరుకుతుందేమో ముందు చూడండి.

వేళ్లు పొట్టిగా, పాదం మిగతా భాగం పొడుగ్గా ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు మడమ నుంచి బొటనవేలి మొదట్లోని ఉబ్బెత్తు కీలు దాకా ఉన్న పొడవు ముఖ్యం. బ్రానాక్ కొలపీట మీద దానికి వేరే పలక ఉంటుంది. వేలి కొస కొలత ఒక నంబరు, కీలు కొలత అంతకంటే పెద్ద నంబరు చూపిస్తే పెద్దదే తీసుకుంటారు. ఇంట్లో ఆ పలక ఉండదు గానీ, షూ వేసుకుని వేళ్ల మీద లేచినప్పుడు షూలో మడత మీ కీలు మీదే పడుతోందా, వెనక పడుతోందా అన్నది చూడవచ్చు. కీలు కంటే వెనకగా మడత పడితే ఆ షూ మీకు పొట్టి. కొస దగ్గర ఖాళీ ఉన్నా సరే, పెద్ద సైజు వేసి చూడండి.

షూ చేతికొచ్చాక, ఇన్‌సోల్ ఊడొచ్చే రకమైతే దాన్ని బయటికి తీసి నేల మీద పెట్టి, మడమను వెనక అంచుకు సరిగ్గా ఆనించి, బరువంతా వేసి నిలబడండి. అన్నిటికంటే పొడుగు వేలి ముందు ఒక సెంటీమీటరు, అంటే సుమారు వేలి వెడల్పంత ఖాళీ కనిపించాలి. పక్కల్లో పాదం అట్ట దాటి బయటికి రాకూడదు. అర సెంటీమీటరే మిగిలితే యూఎస్‌లో సగం సైజు పెంచి అడగండి, రెండు సెంటీమీటర్లు మిగిలితే ఒక సైజు తగ్గించండి. ఆ అట్ట పొడవును, మీ పాదం పొడవును, చీటీ మీది నంబర్లను ఒకచోట రాసి పెట్టుకుంటే, అదే బ్రాండులో తర్వాతి జత కొనేటప్పుడు ఆ అంకెల నుంచే మొదలుపెట్టవచ్చు.